అతుకు పడ్డ వారాలు

మా ఆఫీసు బస్సు డిపో మీద రెండో అంతస్తులో ఉండేది. కింద బస్సు స్టార్టు చేస్తే మా బల్లల మీద గ్లాసుల్లో నీళ్లు వణికేవి. నాలుగు వందల బస్సులకు ఏడాది పొడుగునా కావలసిన డీజిల్ ఏ ధరకు దొరుకుతుందో చూసే పని మాది. ఆ గదిలో ముగ్గురమే ఉండేవాళ్లం. చార్టులు చూసి నోటు రాసే పెద్దాయన, కొనుగోళ్లు చూసే డీజిల్ బాబాయ్, పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటూ లెక్కలు కట్టే నేను.

అంతకుముందు పదహారేళ్లు నేను బడిలో లెక్కలు చెప్పాను. మా ఆయన కూడా అదే బడిలో సైన్సు చెప్పేవారు. ఆయన పోయాక, స్టాఫ్ రూములో ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం చూస్తూ రోజూ హాజరు పుస్తకంలో సంతకం పెట్టడం నా వల్ల కాలేదు. పెద్దాయన మా ఆయనకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. పదకొండో రోజున వచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, "లెక్కలు తెలిసిన మనిషి కావాలమ్మా మా ఆఫీసులో. సోమవారం నుంచి రాగలవా?" అని అడిగాడు. వెళ్లాను. ఆఫీసులో అందరూ నన్ను పంతులమ్మ అన్నారు. ఆయన కూడా అలాగే పిలిచేవాడు.

డీజిల్ ధర ముడి చమురు ధర వెంటే నడుస్తుంది. అందుకని కంపెనీ ముడి చమురు ఫ్యూచర్స్ కాంట్రాక్టులు ముందుగా కొని పెట్టుకునేది. రాబోయే ఫలానా నెల సరుకు ధరను ఇవాళే ఖాయం చేసుకోవడం అన్నమాట. ఈ వారమే కొనాలా, వచ్చే వారం దాకా ఆగాలా అన్నది పెద్దాయన చెప్పాలి. ప్రతి బుధవారం నిల్వల లెక్క వస్తుంది. ట్యాంకుల్లో ఎన్ని బ్యారెళ్ల చమురు మిగిలి ఉంది, కిందటి వారం కంటే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని. అది వచ్చిన గంటలోపల ఆయన అర కాగితం నోటు రాసేవాడు. పైన తేదీ, మధ్యలో నిల్వల అంకె, దాని పక్కన వచ్చే బుధవారానికి ధర పైకో కిందికో చూపే ఒక బాణం గుర్తు, అడుగున తాను ఏ నెల కాంట్రాక్టును చూసి రాస్తున్నాడో ఆ నెల పేరు. అన్నీ చేత్తోనే.

మొదటి వారం ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తే.

"పంతులమ్మా, ట్యాంకుల్లో నలభై లక్షల బ్యారెళ్లు పెరిగాయి. ధర ఎటు పోతుంది?"

"తగ్గుతుందండీ. సరుకు ఎక్కువైంది కదా."

"అరవై లక్షలు పెరుగుతాయని అందరూ ముందే అనుకుని ఉంటే?"

నేను ఆలోచించాను. "అయితే పెరగొచ్చు."

"అదీ. పరీక్ష తప్పుతాడనుకున్నవాడు గట్టెక్కితే ఇంట్లో మిఠాయిలు. తొంభై వస్తాయనుకున్నవాడికి ఎనభై వస్తే ఏడుపులు. నీకు చెప్పేదేముంది, ఎన్ని ఇళ్లు చూసుంటావో!"

డీజిల్ బాబాయ్ తన బల్ల దగ్గర్నుంచి, "మా ఇంట్లో రెండూ లేవండీ, మావాడు అసలు పరీక్షకే పోలేదు" అన్నాడు.

నెలల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఏప్రిల్‌లో సరుకు ఇచ్చే కాంట్రాక్టు మార్చి మూడో వారంలోనే ముగిసిపోతుంది. ఆ మర్నాటి నుంచి మే నెల కాంట్రాక్టు ముందు వరసలోకి వస్తుంది. రెండింటికీ ధర ఒకటి కాదు. ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు దగ్గరి నెల సరుకు చవగ్గా, దూరపు నెల సరుకు ఖరీదుగా ఉంటుంది.

"అటక నిండా సామాను పెట్టుకున్నవాడికి ఇవాళ ఇంకో బిందె ఊరికే ఇస్తామన్నా వద్దంటాడు. వచ్చే నెల ఇస్తానంటే సరే అంటాడు" అన్నాడు. తరవాత తెర మీద ఉన్న పొడుగాటి చార్టును వేలితో చూపించాడు. అందులో ఏళ్ల తరబడి ధర ఒకే గీతగా సాగుతోంది. "ఇది ఒక గీత కాదు, చాలా గీతల అతుకు. నెల మారిన చోటల్లా ఒక కుట్టు ఉంటుంది. కుట్టు దగ్గర ధర ఎగిరినట్టు కనిపిస్తుంది. అక్కడ ఎవడూ ఏదీ కొనలేదు, అమ్మలేదు. నెల మారింది, అంతే."

నేను పుస్తకంలో రాసుకున్నాను. బాగా అర్థమైందనుకున్నాను.

మూడో ఏడు మేనేజరుగారు నన్ను తన గదికి పిలిచారు. ఆయన కొత్తగా వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. పైవాళ్లు ఖర్చులు తగ్గించమంటున్నారు.

"చూడమ్మా, పెద్దాయన ఏడాదిలో యాభై రెండు నోట్లు రాశారు. అందులో ఎన్ని నిజమయ్యాయో నాకు ఎవరూ చెప్పలేకపోతున్నారు. మీరు పేపర్లు దిద్దిన మనిషి. మీరైతే మొహమాటం లేకుండా చూస్తారు. నూటికి అరవై దాటితే ఉంచుదాం. దాటకపోతే ఆ డబ్బుతో, చార్టులు చూసి సూచనలు పంపే సర్వీసు ఏదో తీసుకుందాం. అయ్యేదాకా ఆయనకు చెప్పకండి."

"అలాగేనండీ" అన్నాను.

ఆయన దగ్గర పని నేర్చుకున్న నేను ఆయన్ని ఎలా దిద్దుతానని అడగవలసింది. అడగలేదు. పైగా లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. బడిలో పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దినప్పుడు నా మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మా అన్నయ్య కూతురు పేపరు నాకే వచ్చిందని తరవాత తెలిసింది. అందులో నేను వేసిన మార్కులు ముప్పై ఎనిమిది. వదిన రెండేళ్లు మాట్లాడలేదు.

నోట్లన్నీ ఇంటికి తీసుకెళ్లి, వాటి కింద ఉన్న సంతకాల మీద తెల్లకాగితం ముక్కలు అంటించాను. ఎవరు రాశారో తెలియనట్టు దిద్దాలని. నవ్వు వస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. ఆ అక్షరాలు నాకు తెలియనివా!

కంప్యూటరులో మూడు గళ్ల పట్టీ వేశాను. బుధవారం తేదీ, బాణం గుర్తు, ఫలితం. ఆ బుధవారం ముగింపు ధర కంటే మరుసటి బుధవారం ముగింపు ధర ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందికి. నోటులోని బాణంతో కలిస్తే ఒప్పు, లేకపోతే తప్పు. ఏడాది ధరలన్నీ ఒక్కచోట ఉన్నది ఆ పొడుగాటి అతుకుల చార్టులోనే. దాన్నుంచే తీసుకున్నాను. కుట్ల సంగతి గుర్తు రాలేదా అంటే వచ్చింది. నెలకొకటి, ఏడాదికి పన్నెండు. కొన్ని ఆయనకు కలిసొస్తాయి, కొన్ని ఎదురొస్తాయి, మొత్తం మీద సర్దుకుంటాయి అనుకున్నాను. నోటు అడుగున ఆయన రాసిన నెల పేరుకు నా పట్టీలో గడి లేదు.

ఒకటి రెండు చోట్ల చెయ్యి ఆగింది కూడా. ట్యాంకుల్లో అనుకున్నదానికి రెట్టింపు నిల్వ పెరిగిన వారం, ఆయన కిందికి అని రాస్తే, ధర పైకి పోయినట్టు వచ్చింది. ఇదేమిటని పొద్దున ఆయన్నే అడిగితే సరిపోయేది. ఎదురుగా రెండు గజాల దూరంలో కూర్చుంటాడు. కానీ పేపరు దిద్దేటప్పుడు పిల్లవాణ్ని పిలిచి ఇదెందుకు ఇలా రాశావని అడగం కదా. అడిగితే అది దిద్దడం కాదు, సాయం చేయడం. అలా అనుకుని ఎర్ర ఇంటూ పెట్టి ముందుకు పోయాను.

యాభై రెండుకు ఇరవై ఆరు వచ్చాయి.

రెండోసారి కూడా దిద్దాను. అవే ఇరవై ఆరు. రూపాయి బిళ్ల ఎగరేసి బొమ్మా బొరుసా చూసినా అన్నే వస్తాయి. ఆ కాగితం మేనేజరుగారికి ఇచ్చినరోజు నేను మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

పెద్దాయనకు చెప్పింది మేనేజరుగారే. పెద్దాయన ఆ గదిలోంచి బయటికి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బాబాయ్ టీ తేవడానికి కిందికి వెళ్లాక అడిగాడు.

"పట్టీ నువ్వు కట్టావటగా?"

"అవునండీ."

"రెండుసార్లు చూసుకున్నావా?"

"చూసుకున్నానండీ."

ఆయన తల ఊపాడు. "ఇరవై ఆరు" అన్నాడు, బరువు చూస్తున్నట్టు. "ముప్పై దాటుతాయనుకున్నాను. మనిషికి తనమీద తనకుండే లెక్క వేరులే."

పట్టీ చూపించమని అడగలేదు. అడిగి ఉంటే అందులో తప్పు పట్టుకోవడానికి ఆయనకు అరనిమిషం పట్టేది కాదు. అడగకపోవడానికి కారణం నామీద అనుమానం లేకపోవడమేనని నాకు తెలుసు. నెలాఖరున సొరుగులోని పెన్నులు, స్కేలు, కళ్లజోడు పెట్టె తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. కింద డ్రైవర్లు ఇద్దరు లేచి నిలబడ్డారు.

ఆ పోస్టు తీసేశారు. చార్టుల సర్వీసు వచ్చింది. దాన్ని చూసి బుధవారం నోటు నేనే రాయడం మొదలుపెట్టాను. నా నోట్లకూ అదే పట్టీ, అవే మూడు గళ్లు.

తొమ్మిది నెలలు గడిచాయి. డిసెంబరు మూడో వారం దాటాక ఒక బుధవారం, నిల్వల లెక్క కోసం నేను ఎదురుచూస్తూ ఉంటే, డీజిల్ బాబాయ్ రెండు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి ఒకటి నా ముందు పెట్టాడు. తన డబ్బుతో టీ ఇప్పించే మనిషి కాదు.

"ఏమిటి బాబాయ్ విశేషం?"

"మీ నోటి వాక్యం ఫలించింది పంతులమ్మగారూ. పోయిన బుధవారం ధర తగ్గుతుంది, ఆగమన్నారు. ఆగాం. ఫిబ్రవరి కాంట్రాక్టు అప్పుడు అరవై రెండు డాలర్ల తొంభై సెంట్లు. ఇప్పుడు అరవై రెండుంబావు కూడా లేదు, అరవై రెండూ పది. బ్యారెలుకి ఎనభై సెంట్లు మిగిలింది. మేనేజరుగారు కూడా భలే అన్నారు."

నాకు సంతోషమే కలిగింది. పట్టీ తెరిచాను, ఒప్పు పెట్టుకుందామని. పట్టీలో తప్పు అని వచ్చింది.

పోయిన బుధవారం చార్టులో ధర అరవై ఒకటీ ఇరవై. ఈ బుధవారం అరవై రెండూ పది. తొంభై సెంట్లు పెరిగినట్టు.

కొంతసేపు అంకెలవైపు చూస్తూ కూర్చున్నాను. అరవై ఒకటీ ఇరవై జనవరి కాంట్రాక్టు ధర. అది నిన్న ముగిసిపోయింది. అరవై రెండూ పది ఫిబ్రవరి కాంట్రాక్టు ధర. ఫిబ్రవరిని ఫిబ్రవరితోనే పోలిస్తే ఎనభై సెంట్లు తగ్గింది. జనవరితో పోలిస్తే తొంభై పెరిగింది. చార్టులో ఆ రెండు రోజుల మధ్యన గీత నిట్టనిలువుగా లేచి ఉంది. చార్టుల సర్వీసువాళ్లు దాని పక్కన పచ్చ గుర్తు కూడా పెట్టారు, ధర అడ్డుగీత దాటింది, ఇంకా పెరుగుతుందని.

"ఏమయిందండీ? టీ చల్లారిపోతోంది" అన్నాడు బాబాయ్.

"బాబాయ్, పెద్దాయన నోట్లు రాసినప్పుడు, నెల మారే వారాల్లో ఆయన చెప్పింది కలిసొచ్చేదా?"

"కలిసిరావడమేమిటి, ఆ వారాల్లోనే బాగా కలిసొచ్చేది." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మీ లెక్కలో సగమే అన్నారు మరి. నేనా, బిల్లులు రాసుకునేవాణ్ని. చదువుకున్నవాళ్లు కట్టిన పట్టీ కదా, నాకు కనిపించింది గోరంతేమో అని ఊరుకున్నాను."

నోట్లు ఫైలులోనే ఉన్నాయి. సంతకాల మీద నేను అంటించిన తెల్లకాగితాలు కొన్ని ఊడిపోయాయి. నాలుగో గడి కలిపి, నోటు అడుగున ఉన్న నెల పేరు అందులో రాసి, ప్రతి వారం అదే నెల కాంట్రాక్టు ధరలు వెతికి తీసి, మళ్లీ దిద్దాను. మూడు రోజులు పట్టింది. మామూలు వారాలు నలభైలో ఒక్కటి కూడా మారలేదు. మారినవన్నీ నెల మారిన వారాలే. అంతకుముందు తప్పు పెట్టినవి తొమ్మిది ఒప్పయ్యాయి. ఒప్పు పెట్టినది ఒకటి తప్పయింది. ఇరవై ఆరు కాదు, ముప్పై నాలుగు.

సర్దుకుంటాయనుకున్న కుట్లు సర్దుకోలేదు. ఆ ఏడాదంతా ట్యాంకులు నిండుతూనే వచ్చాయి. దూరపు నెల ఎప్పుడూ దగ్గరి నెల కంటే ఖరీదే. అందుకని పన్నెండు కుట్లూ ఒకే వైపు, పైకే లేచాయి. నిల్వ ఎంత ఎక్కువ పెరిగితే ఆయన అంత గట్టిగా కిందికి అని రాశాడు. నిల్వ ఎంత ఎక్కువ పెరిగితే కుట్టు దగ్గర గీత అంత ఎత్తుకు లేచింది. ఆయన బాగా చూసిన వారాలే ఏరి ఏరి తప్పు పెట్టాను నేను.

మేనేజరుగారు కొత్త పట్టీని ఓపిగ్గా చూశారు.

"అంటే అరవై దాటారు."

"దాటారండీ. నూటికి అరవై అయిదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? ఆ పోస్టే లేదు. పైవాళ్లతో ఏమని చెప్పను, మేమే తప్పు కొలిచామనా?"

"అవునండీ. నేను తప్పు కొలిచానని చెప్పండి. రాసి ఇస్తాను."

"మీరు కావాలని చేసింది కాదు కదమ్మా." కాగితం నా వైపు తోశారు. "ఫైలులో పెట్టండి. ఎవరైనా అడిగితే చూపిద్దాం."

ఎవరు అడుగుతారు? ఫైలులో పెట్టాను. ఇంకో కాపీ తీసుకుని, ఆ ఆదివారం ఉదయం పెద్దాయన ఇంటికి వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద మడత విప్పని పేపరు. తలుపు తీసింది ఆయన భార్య. నేను అక్కయ్యా అని పిలుస్తాను. ఆఫీసు నుంచి ఆయన వెళ్లిపోయాక నేను రెండుసార్లు వచ్చాను, రెండుసార్లూ పావుగంటకంటే ఉండలేకపోయాను.

"రా అమ్మాయ్. ఆయన కూరగాయలకి వెళ్లారు. వస్తారు. ఆలస్యం అవుతుందనుకో."

"దూరమా అక్కయ్యా?"

"వీధి చివరే. బెండకాయలా వంకాయలా అని కొట్టువాడి ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తారు. మీరు చూడండీ అంటే, 'నేను చూసింది సగం తప్పే అవుతుందే, నువ్వు చెప్పు' అంటారు. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. గొడుగు తీసుకెళ్లాలా వద్దా అని కూడా నన్నే అడుగుతుంటే అప్పుడు తెలిసింది, వేళాకోళం కాదని."

నేను సంచిలోంచి కాగితం తీశాను. తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ చూసింది.

"ఏమిటది?"

చెప్పాను. నెలల సంగతి, అతుకుల సంగతి, వీలయినంత తేలిగ్గా. ఆవిడ ఆ వివరం ఏదీ అడగలేదు.

"అంటే ఆయన తప్పు కాదు?"

"కాదు అక్కయ్యా. నాది."

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "వేసవిలో ఓడలకి నూనె అమ్మే కంపెనీ వాళ్లు ఇంటికే వచ్చారు. పాత స్నేహితుడే తీసుకొచ్చాడు. వారానికి మూడు రోజులు వచ్చి చార్టులు చూసి చెబితే చాలన్నారు. ఈయన ఏమన్నారో తెలుసా? 'నా చూపు పోయిందండీ. నేను నమ్మే మనిషే లెక్క కట్టి చూపించింది. మీ సొమ్ము పాడు చెయ్యలేను' అన్నారు. నేను వంటింట్లోంచి విన్నాను." చీర చెంగు సర్దుకుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకొచ్చావమ్మాయ్. తెచ్చావు, బాగానే ఉంది. కానీ ఆయన ఎదురుగా కూర్చునేవారు కదా నీకు? ఒక్క మాట అడగడానికి నోరెలా రాలేదు?"

నా దగ్గర జవాబు ఉంది. పేపరు దిద్దేటప్పుడు అడగకూడదన్న జవాబు. అది ఆ గదిలో చెప్పే మాట కాదు.

పెద్దాయన వచ్చాడు. సంచిలో బెండకాయలూ ఉన్నాయి, వంకాయలూ ఉన్నాయి. నన్ను చూసి నవ్వి, "ఏం పంతులమ్మా, డిపో ఇంకా నిలబడే ఉందా?" అన్నాడు. కొంచెం చిక్కాడు. అక్కయ్య ఏదో అనబోయి, సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాగితం ఆయన ముందు పెట్టి, నిలబడే చెప్పాను. నేను తప్పు దిద్దాను, ఇరవై ఆరు కాదు ముప్పై నాలుగు అని. ఆయన ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. కళ్లజోడు పెట్టుకుని పెన్సిల్ అడిగాడు. పై నుంచి ఒక్కొక్క వరసే వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు. నెల మారిన మొదటి వారం దగ్గర ఆగి, రెండు ధరలు తీసివేసి చూసి, "ఊఁ" అన్నాడు. "అతుకుల చార్టులోంచి తీశావన్నమాట."

"అవునండీ. మీరు చెప్పారు కూడా. చెప్పినది పుస్తకంలో రాసుకున్నాను కూడా."

"పుస్తకంలోనే ఉంటాయిలే అలాంటివి" అన్నాడు. దెప్పినట్టు కాదు. మామూలుగా.

ఒక వరస దగ్గర పెన్సిల్ చాలాసేపు ఆగింది.

"ఇది ఒప్పని పెట్టావేం?"

"ఆ నెల కాంట్రాక్టు ముప్పై సెంట్లు తగ్గిందండీ. మీరు కిందికి అనే రాశారు."

"ఆ సోమవారం సెలవు. నిల్వల లెక్క బుధవారం రాలేదు, గురువారం వచ్చింది. నేను నోటు రాసింది గురువారం. చూడు, నోటు మీద తేదీ ఉంటుంది. నువ్వు అలవాటుగా బుధవారం నుంచి కొలిచావు. బుధవారానికీ గురువారానికీ మధ్య అరడాలరు పడింది. అది నేను చెప్పకముందే పడింది. గురువారం నుంచి చూస్తే ఇరవై సెంట్లు పెరిగింది." ఆ వరస మీద ఇంటూ పెట్టాడు. "ఇది తప్పే. ముప్పై మూడు."

"ముప్పై మూడయినా నూటికి అరవై మూడండీ. వాళ్లు అడిగింది అరవయ్యే."

"అవును" అన్నాడు. "పాసే."

కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. అక్కయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ ఓడలవాళ్లకి ఫోన్ చెయ్యండి" అంది.

"ఇప్పుడెందుకే?"

"చెయ్యండి. నేను చెబుతున్నాను."

ఆయన ఫోన్ తీశాడు. అవతలి మాట మాకు వినిపించలేదు. "నేనేనండీ... బాగున్నాను... ఊరికే, ఎలా ఉన్నారో కనుక్కుందామని... అలాగా. మంచిది. ఎప్పుడు చేరాడు?... ఆగస్టులోనా. బాగా చేస్తున్నాడు కదా? మంచిది, మంచిది." ఫోన్ బల్ల మీద పెట్టి, "మనిషి దొరికాడట" అన్నాడు. అక్కయ్య లోపలికి వెళ్లిపోయింది. లోపల గిన్నె ఏదో గట్టిగా పెట్టిన చప్పుడైంది.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేవాడు, ఆ భారం కూడా ఆయన మీదే పడేది. నెమ్మదిగా అన్నాను, "మొన్నటి నిల్వల లెక్క మీకు చూపిద్దామని తెచ్చానండీ."

ఆయన వద్దనలేదు.

"ఎంతొచ్చింది?"

"ముప్పై లక్షలు తగ్గింది. ఇరవై తగ్గుతుందని అందరూ అనుకున్నారు."

"ఏ నెల చూస్తున్నావు?"

"ఫిబ్రవరి."

"ఫిబ్రవరికీ మార్చికీ తేడా?"

"డాలరూ పది సెంట్లు. పోయిన వారం డాలరున్నర ఉంది."

ఆయన ముందుకు వంగాడు. చాలా రోజుల తరవాత ఆ ముఖంలో పాత ఆఫీసు కనిపించింది నాకు. ట్యాంకులు ఖాళీ అవడం మొదలైంది, దగ్గరి నెల దూరపు నెలను అందుకోవడానికి కదిలింది. మూడేళ్లు ఆయన దగ్గర కూర్చున్న నాకే అది తెలుస్తోంది. ఆయన చూపుడువేలు బల్ల మీదినుంచి కొద్దిగా లేచింది.

"అంటే..." అన్నాడు.

నేను పెన్ను మూత తీశాను. "ఎటు అంటారు?"

వేలు అక్కడే ఆగింది. ఆయన నా పెన్ను వైపు చూశాడు, తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు తోచడం లేదమ్మా. నువ్వే రాసుకో."

"మీకు తెలుసండీ."

"తెలిసినట్టే ఉంటుంది" అన్నాడు.

నేను ఇంకాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. అక్కయ్య ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి పెట్టింది.